రాళ్ల హారమా, సాదా గొలుసా: అమ్మేరోజు కాటా మీద తేలే లెక్క

కావలిలో తాకట్టు నగలు తూచి విలువ కట్టడం నా వృత్తి. మా నాన్న నెల్లూరు ఆచారి వీధిలో నగలు చేసిన మనిషి. అందుకే చుట్టాల్లో ఎవరింట్లో పెళ్లి కుదిరినా ముందు నాకే ఫోను వస్తుంది. ఈసారి మేనకోడలు చేసింది. "మామయ్యా, అయిదు లక్షలకు కాస్త అటూ ఇటూగా ఒక్క నగ కొనాలనుకుంటున్నాం. కెంపుల హారం నాకు నచ్చింది, అమ్మేమో సాదా గొలుసు తీసుకోమంటోంది. ఏది తీసుకోమంటారు?"

నచ్చింది తీసుకోవచ్చు. అయితే ఆ నగను ఏనాటికైనా అమ్మవలసి వస్తే చేతికి ఎంత వస్తుందో తెలిసి తీసుకోవాలి. ఆ సంగతి మా అక్క హారం నేర్పింది కాబట్టి దాని లెక్క చెప్పి, తర్వాత ఎంపిక దగ్గరికి వస్తాను.

రాళ్ల నగను మూడు రకాలుగా చూడాలి. మొదటిది వెనుక తెరిచి ఉన్న పొదుగు. రాయి అడుగున బంగారం ఉండదు, వెలుతురు దాని గుండా పోతుంది, పట్టుగోళ్లు మాత్రం రాయిని పట్టుకుని ఉంటాయి. ఇందులో లక్క పని లేదు. రాళ్లు పొదగక ముందు ఖాళీ చట్రాన్ని తూచి ఉంటారు కాబట్టి బంగారం ఎంతో ఖచ్చితంగా తెలుస్తుంది. రెండోది వెనుక మూసిన పొదుగు. పాత కాలపు కెంపుల హారాలు, గుడి నగల పని, కుందనం ఇలాగే ఉంటాయి. గూడు చేసి, అందులో లక్క నింపి, దాని మీద మెరుపు రేకు పెట్టి, రాయి దించి, చుట్టూ బంగారు అంచు నొక్కుతారు. లక్క లేకపోతే రాయి ఊగుతుంది, కాబట్టి అది అక్కడ ఉండటం మోసం కాదు, పనిలో భాగం. మూడోది లక్క నింపిన బోలు సొమ్ము: గుండ్ల దండలు, కొన్ని కంకణాలు, బొమ్మలు ఉబ్బెత్తుగా తేలిన నక్షీ పతకాలు. రేకు పలచగా ఉంటే నొక్కుకుపోతుందని లోపల లక్క పోస్తారు.

ఈ మూడోదాన్ని కంటితో చూసి అంచనా కట్టడం ఎందుకు కుదరదో ఒక్క గుండు చాలు చెప్పడానికి. పది మిల్లీమీటర్ల గుండు తీసుకోండి. రేకు మందం మిల్లీమీటరులో పదో వంతు అయితే ఆ గుండులో బంగారం అర గ్రాము కంటే కొంచెం ఎక్కువ, లక్క కూడా దాదాపు అంతే. అంటే సగానికి సగం. అదే రేకు మందం రెట్టింపు అయితే బంగారం గ్రాము దాటుతుంది, లక్క అర గ్రాము దగ్గరే ఉంటుంది, అంటే మూడో వంతు. పైకి రెండు గుండ్లూ ఒకేలా ఉంటాయి. లక్కలో ఇటుక పొడి కలిపి ఉంటే బరువు ఇంకా మారుతుంది. శుద్ధత చూసే యంత్రం కూడా దీన్ని పట్టుకోలేదు. దాని కిరణం లోహం పైపొర దాటి లోపలికి పోదు. బంగారం 22 కేరట్లా కాదా అని చెబుతుంది గాని, లోపల ఎంత లక్క ఉందో చెప్పదు. హాల్‌మార్కు సంగతీ అంతే. నగ మీద ఉండే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే శుద్ధత తెలుస్తుంది. అది శుద్ధతకు హామీ, బరువుకు కాదు. పైగా కుందనం, పోల్కీ, జడావు నగలకు హాల్‌మార్కు తప్పనిసరి కూడా కాదు. కాబట్టి కొట్టువాళ్లు మామూలు కెంపుల పనికి "ఇది కుందనమండీ, ముద్ర ఉండదు" అంటే అక్కడ కాస్త ఆగి అడగాలి.

అక్క హారం

కందుకూరులో ఉండే మా అక్క ఆరేళ్ల క్రితం ఒక పెద్ద కొట్టులో కెంపుల హారం కొంది. వెనుక మూసిన పొదుగు, మధ్యలో లక్క గుండ్లు. కొడుకు చదువుకు డబ్బు కావాలని మొన్న దాన్ని బయటికి తీసింది. ఆరేళ్లలో రేటు చాలా పెరిగింది కదా, ఆ పెరుగుదలను కలిపేస్తే అసలు నష్టం కనిపించకుండా పోతుంది. అందుకని కొన్న రోజుకూ అమ్మిన రోజుకూ 22 కేరట్ల గ్రాము 10,000 రూపాయలే అనుకుని లెక్క చూపుతాను.

బిల్లులో ఇలా ఉంది. మొత్తం బరువు 50 గ్రాములు. రాళ్లు 4 గ్రాములు, లక్క 3.5 గ్రాములు తీసేసి నికర బంగారం 42.5 గ్రాములు. అంటే అయిదు సవరల మీద రెండున్నర గ్రాములు. దాని విలువ 4,25,000. తరుగు 18 శాతం, అంటే 76,500. రాళ్ల వెల 14,000. మూడూ కలిపి 5,15,500, దాని మీద 3 శాతం జీఎస్టీ 15,465. అక్క కట్టింది 5,30,965.

హారం ఎక్కువగా బీరువాలోనే ఉంది. కాటా మీద పెడితే ఇప్పటికీ సరిగ్గా 50 గ్రాములే తూగింది. ముందు ఒంగోలులో ఒక కొట్టుకు తీసుకెళ్లాం. అక్కడి మనిషి హారాన్ని చేతిలో ఆడించి, వెనక్కి తిప్పి చూసి, "ఇరవై శాతం తీసేస్తామండీ" అన్నాడు. అంటే 10 గ్రాములు పోయి 40. దాని మీద కొనుగోలు రేటులో మరో 3 శాతం కోత. చేతికి వచ్చేది 3,88,000.

అక్క ముఖం మాడిపోయింది. "బిల్లులో ఏడున్నర గ్రాములే తీశారు కదా, వీళ్లు పది ఎందుకు తీస్తారురా?" అని అడిగింది. ఆ మనిషి వైపు నుంచి చూస్తే అతని మాటలోనూ అర్థం ఉంది. బిల్లు రాసింది వేరే కొట్టు, లోపల ఏముందో అతనికి తెలియదు. తెలియనిచోట ఎప్పుడూ తన వైపే మొగ్గేలా తీస్తాడు. ఆ తెలియనితనానికి ధర కట్టేది మాత్రం అమ్మేవాళ్లు.

తర్వాత కొన్న కొట్టుకే ఫోను చేశాం. వాళ్లు చెప్పిన మాట గుర్తుంచుకోదగినది: మార్పిడికైతే బిల్లులో రాసిన 42.5 గ్రాములూ పూర్తి రేటుకు తీసుకుంటారు, నగదు కావాలంటే కరిగించి వచ్చినదానికే ఇస్తారు. ఒకే నగకు ఒకే కొట్టులో రెండు బరువులు! మార్పిడిలో మళ్లీ వాళ్ల దగ్గరే కొంటారు, కొత్త నగ మీద మళ్లీ తరుగు వస్తుంది, అందుకే అక్కడ చెయ్యి ఉదారంగా ఉంటుంది. అక్కకు కావలసింది ఫీజు కట్టడానికి డబ్బు, ఇంకో నగ కాదు.

చివరికి నెల్లూరులో, ఎదుటే కరిగించి తూచే చోటికి పోయాం. కరిగించడానికి ముందు కొన్ని సంగతులు తేల్చుకోవాలి, ఎందుకంటే మంట పెట్టాక వెనక్కి పోవడం ఉండదు. ముద్ద బరువుకు, అందులో తేలిన శుద్ధతకు ఏ రేటు ఇస్తారో, ఎంత శాతం కోస్తారో, ధర నచ్చకపోతే ముద్దను మనమే తీసుకుపోవచ్చా అన్నవి ముందే అడిగాను. ముద్ద తీసుకుపోవచ్చన్నారు, కరిగించే కూలి మాత్రం ఇవ్వాలి. ఆ మాట చెప్పనిచోట నేను నగను పొయ్యి దాకా పోనివ్వను.

అక్కడి పనివాడు ముందు హారాన్ని సన్నని సెగ మీద ఆడించాడు. లక్క ఎనభై డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కాబట్టి గుండ్ల రంధ్రాల దగ్గర గోధుమ రంగు చుక్కలు పొంగాయి. పట్టకారుతో అంచు విప్పుతూ ఒక్కొక్క రాయినీ తీసి పళ్లెంలో వేశాడు. రాళ్లన్నీ కలిపి 4 గ్రాములే వచ్చాయి, బిల్లులో ఉన్నట్టే. రాళ్ల దగ్గర ఎవరూ తప్పు చేయలేదు. తర్వాత మిగిలినదాన్ని మూసలో పెట్టి మంట పెంచితే నల్లటి పొగ వచ్చింది, ఆ వాసన మా నాన్న కొలిమి దగ్గర నాకు అలవాటే. చల్లారిన ముద్ద 41.6 గ్రాములు. యంత్రం 90.8 శాతం చూపించింది.

22 కేరట్లంటే 91.6 శాతం ఉండాలి. ఇది ఎందుకు తగ్గింది? గుండ్లను అతికేటప్పుడు, గూళ్లను కూర్చేటప్పుడు టంకం పడుతుంది. టంకం బంగారం కంటే తొందరగా కరగాలి కాబట్టి అందులో ఇతర లోహాలు కొంత ఎక్కువ. సాదా గొలుసులో అతుకులున్నా ఇంత పని ఉండదు. గూళ్లు ఎన్ని ఎక్కువైతే టంకం అంత ఎక్కువ. కరిగించినప్పుడు అదంతా ముద్దలో కలిసిపోతుంది. 41.6 గ్రాములను 90.8 శాతంతో లెక్కిస్తే స్వచ్ఛమైన బంగారం 37.77 గ్రాములు, దాన్ని 22 కేరట్లకు మారిస్తే 41.24 గ్రాములు.

ఒంగోలులో 40 అన్నారు, బిల్లు 42.5 అంటోంది, నిజం 41.24. ఇద్దరిదీ తప్పే. ఒంగోలు మనిషి గ్రాముపావు ఎక్కువ తీశాడు. కొన్న కొట్టువాళ్లు గ్రాముపావు తక్కువ తీశారు. బిల్లు లెక్కలో తప్పిపోయిన ఆ గ్రాముపావులో ముప్పాతిక వంతు దాకా లక్క, మిగిలింది టంకం. అక్క ఆ లక్కనూ టంకాన్నీ బంగారం ధరకు కొంది, వాటి మీద 18 శాతం తరుగు కట్టింది, ఆ పైన జీఎస్టీ కూడా కట్టింది. కలిపితే 15,000 పైచిలుకు.

కొనుగోలు కోత 2 శాతం పోగా చేతికి వచ్చింది 4,04,123. ఒంగోలు మాట కంటే 16,000 ఎక్కువ. ఆ తేడా ముందు కరిగించే కూలి లెక్కలోకి రాదు.

ఎక్కడ పోయింది

కట్టింది 5,30,965, వచ్చింది 4,04,123. తేడా 1,26,842. అక్క అప్పటిదాకా "రాళ్లూ లక్కా తీసేసి ముంచేశారు" అనే అంటోంది. ఇంటికి వచ్చాక కాగితం మీద విడదీసి చూపించాను. తరుగు 76,500. జీఎస్టీ 15,465. రాళ్ల వెల 14,000. బిల్లులో తక్కువ చూపిన లక్క, టంకం వల్ల 12,630. అమ్మేటప్పటి 2 శాతం కోత 8,247. సగానికి పైగా నష్టం అమ్మేరోజు పోలేదు, కొన్నరోజే, బిల్లు చించి ఇచ్చిన క్షణానే పోయింది. అమ్మేచోట అందరూ గొడవపడేది మాత్రం చివరి రెండు పద్దుల మీద.

అలాగని లక్క కోత చిన్న విషయం కాదు. అక్క హారంలో రాళ్లూ గుండ్లూ కలిసి ఉన్నాయి కాబట్టి తేడా ఆ మాత్రంతో ఆగింది. మొత్తం గుండ్లే ఉన్న దండ అయితే, ఇందాక చెప్పినట్టు, సగం లక్కా మూడో వంతు లక్కా అన్నది కరిగించేదాకా ఎవరికీ తెలియదు. తాకట్టుకు వచ్చినప్పుడు అలాంటి దండను చూస్తే నాకే చెయ్యి వెనకాడుతుంది. తాకట్టులో విలువ కట్టవలసింది నగలోని బంగారానికే, రాళ్లకు కాదన్నది రిజర్వు బ్యాంకు నియమం. బోలు గుండ్ల విషయంలో నేను ఎప్పుడూ పెద్ద కోతే వేస్తాను, కొన్నిచోట్ల అసలు తీసుకోరు. దీన్ని మీకు ఉపయోగపడేలా తిప్పుకోవచ్చు: నగ అమ్మే ముందు అప్పు ఇచ్చే చోట ఎంత నికర బరువు కడతారో అడిగి చూడండి. అది దాదాపు అడుగు మట్టం. కొనే కొట్టువాళ్లు దానికంటే కూడా తక్కువ చెబితే లేచి వచ్చేయవచ్చు.

సాదా గొలుసుతో పోల్చి చూద్దాం. అదే 5,30,965 రూపాయలకు 8 శాతం తరుగు ఉన్న సాదా గొలుసు కొంటే 47.73 గ్రాములు వచ్చి ఉండేది. దాన్ని అదే 2 శాతం కోతతో అమ్మితే 4,67,754. నష్టం 63,000 చిల్లర, అంటే హారంలో పోయినదానిలో సగం. పైగా తూచడానికి ఒక్క నిమిషం చాలు, ఎవరితో వాదన లేదు. వెనుక తెరిచిన పొదుగు నగ ఈ రెంటికీ మధ్య నిలుస్తుంది: తరుగు ఎక్కువే, రాళ్ల వెల తిరిగి రాదు, కాని నికర బరువు మీద గొడవ ఉండదు, ఎందుకంటే రాళ్లు తీసి తూచవచ్చు. వజ్రాల నగ సంగతి వేరు, అక్కడ రాయి ధ్రువపత్రమూ ఆ కొట్టు తిరిగి తీసుకునే షరతూ ముఖ్యం. ఆ బేరం ఈ వ్యాసంలో లేదు.

మేనకోడలికి చెప్పింది

కెంపుల హారం వద్దని చెప్పలేదు. పెళ్లిలో దాని అందం దానిదే, ఎర్రరాయి వెలుగు సాదా గొలుసుకు రాదు. అయితే అయిదు లక్షలనూ దానిలో పెట్టవద్దన్నాను. మూడున్నర లక్షలతో సాదా గొలుసు, మిగిలినదానితో వెనుక తెరిచిన పొదుగు ఉన్న కెంపుల పతకం తీసుకుని గొలుసుకే తగిలించుకోమన్నాను. రేపు డబ్బు కావలసి వస్తే గొలుసు ఒక్కటే తీసి పెట్టవచ్చు, పతకం జోలికి పోనవసరం లేదు. అదీ కాదు, నిండు కెంపుల హారమే కావాలంటే, వెండి మీద బంగారు పూత వేసిన గుడి నగ తీసుకోమన్నాను. దాన్ని ఎవరూ ఆస్తి అనుకోరు కాబట్టి అమ్మేరోజు ఏడవరు. ఈ మాట మా అక్కకు నచ్చలేదు. "పెళ్లికి వెండి పెడతారా ఎవరైనా" అంది.

చివరికి ఆ అమ్మాయి మనసు హారం మీదే ఉంటే? అప్పుడు బిల్లు దగ్గర నిలబడమన్నాను. హాల్‌మార్కు ఉన్న నగకు బిల్లులో నికర బంగారం బరువు, శుద్ధత, హాల్‌మార్కు రుసుము రాయవలసిందే. అది వాళ్ల దయ కాదు. ఇంకో రెండు అంకెలు మనం అడిగి రాయించుకోవాలి: రాళ్ల బరువు వేరుగా, లక్క బరువు వేరుగా. రెండూ కలిపి "రాళ్లు మొదలైనవి" అని ఒక్క అంకె రాస్తే తర్వాత ఎవరూ దాన్ని నమ్మరు.

రాళ్ల అంకెను అక్కడే, ఆ కౌంటరు దగ్గరే సరిచూసుకోవచ్చు. రాళ్లకు కేరట్ల లెక్కన వెల వేస్తారు. ఇది బంగారం శుద్ధత చెప్పే కేరట్ కాదు, రాళ్ల బరువు కొలత: ఒక కేరట్ అంటే 0.2 గ్రాము. బిల్లులో 20 కేరట్ల రాళ్లకు వెల వేసి ఉంటే రాళ్ల కింద తీసిన బరువు 4 గ్రాములు ఉండాలి. 3 గ్రాములే తీసి ఉంటే మిగిలిన గ్రాము రాయికి రెండుసార్లు డబ్బు కడుతున్నారన్నమాట: ఒకసారి రాయిగా, ఇంకోసారి బంగారంగా. ఇరవైని అయిదుతో భాగించడం తప్ప ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు, కాని ఎంతమంది బిల్లులు చూశానో, ఈ లెక్క చేసి వచ్చినవాళ్లు నాకు కనబడలేదు. తరుగు నికర బరువు మీద వేశారా, మొత్తం బరువు మీద వేశారా అన్నది కూడా చూడాలి. 50 గ్రాముల మీద 18 శాతం వేస్తే అక్క హారానికి మరో 13,500 పెరిగి ఉండేది.

లక్క అంకెను మాత్రం కొనేరోజు సరిచూడటానికి దారి లేదు. ఒక్కటే చేయగలం. "నగదుకు అమ్మినా ఈ బిల్లులోని నికర బరువుకే తీసుకుంటాం" అని రాసి ఇవ్వమని అడగడం. రాసిస్తే ఆ అంకె వాళ్లదే, లక్క ఎక్కువైనా నష్టం వాళ్లది. రాయనంటే, ఆ లక్క అంకె ఎంత నమ్మదగినదో వాళ్లే చెప్పినట్టు. అక్క కొన్న కొట్టు మార్పిడికి మాత్రమే ఆ మాట ఇచ్చింది కదా.

వాడుకలో ఒక జాగ్రత్త. లక్క నగను వేడినీళ్లలో వేసి కడగవద్దు. లక్క మెత్తబడి రాళ్లు కదులుతాయి, సబ్బునీరు రంధ్రంలోంచి లోపలికి దిగుతుంది. మెరుపు రేకు నల్లబడితే కెంపు చచ్చినట్టు కనిపిస్తుంది, అప్పుడు కొట్టువాళ్లు "రాళ్లు పాడైపోయాయి" అని ఇంకో మాట అందుకుంటారు.

నెల్లూరు నుంచి వచ్చేటప్పుడు రాళ్ల పొట్లం అక్క చేతిలోనే ఉంది. 14,000 పెట్టి కొన్నవి. ఏదైనా ఇస్తారేమోనని రెండు కొట్లలో అడిగింది. ఒకాయన చూడకుండానే తల అడ్డంగా ఊపాడు, ఇంకొకాయన చూసి, అవి యంత్రంలో చేసిన కెంపులని, కావాలంటే వందల్లో ఇస్తానని చెప్పాడు. అక్క పొట్లం మూసి పర్సులో పెట్టుకుంది. ఇప్పుడు ఆ పొట్లం మేనకోడలి దగ్గరుంది. వెండి పతకంలో వాటిని పొదిగిస్తే ఎంతవుతుందో కనుక్కుంటోంది.